చెవిలో నీళ్ళు పోయాయా? నూనె గిన్నె పొయ్యిమీద పెట్టే ముందు చెవి నొక్కి చూడండి

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే బెంగళూరులో బసవనగుడి, సదాశివనగర్, జయనగర్ ఈత కొలనుల దగ్గర పిల్లల సందడి మొదలవుతుంది. బడి సెలవులు కదా, ఉదయం ఆరు గంటలకే తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరతారు. ఆ వెనుకే వైద్యుల దగ్గరకు చెవి పట్టుకుని వచ్చేవారి వరస కూడా మొదలవుతుంది. ఇక పెద్దల సంగతి వేరు. వాళ్ళకు కొలను అక్కరలేదు. ఆదివారం తలంటు పోసుకుని లేచేసరికి ఒక చెవి మూసుకుపోయి ఉంటుంది.

వచ్చిన వారందరూ చెప్పే మాట ఒక్కటే: "చెవిలో నీళ్ళు పోయాయండీ, మూసుకుపోయింది." మాట ఒకటైనా లోపల జరిగేవి మాత్రం సాధారణంగా రెండు వేర్వేరు సంగతులు. ఒకటి, ముందే చెవిలో ఉన్న గుబిలి నీళ్ళు తగిలి ఉబ్బడం. గులిమి అని కూడా దీన్నే అంటారు. రెండవది, చెవి కాలువ చర్మం నానిపోయి, సూక్ష్మజీవులు చేరి వాచిపోవడం. మొదటిదానికి నూనె చుక్కలు పనికొస్తాయి. రెండవదానికి అదే నూనె కీడు చేస్తుంది. ఈ తేడా తెలియక ఇంట్లో అందరికీ ఒకే గిన్నెలోని నూనె పోయడం మన వాళ్ళలో చాలా ఎక్కువ. అందుకే ఈ వారం ఈ ఒక్క విషయమే వివరంగా చెప్పుకుందాం.

ముందుగా చెవి ఎలా ఉంటుందో కొంచెం తెలియాలి. బయటి నుంచి కర్ణభేరి వరకు ఉండే కాలువ పెద్దవారిలో సుమారు రెండున్నర సెంటీమీటర్లు, అంటే మీ చూపుడు వేలి చివరి కణుపంత. అది తిన్నగా ఉండదు, కొంచెం వంపు తిరిగి ఉంటుంది. గుబిలి తయారయ్యేది బయటి వైపు భాగంలోనే. లోపలి భాగంలో చర్మం కాగితంలా పలుచగా ఉండి నేరుగా ఎముకకు అంటుకుని ఉంటుంది. అందుకే అక్కడ ఏ చిన్న వాపు వచ్చినా నొప్పి అంత భరించరానిదిగా ఉంటుంది. వాపు పెరగడానికి చోటు లేదు మరి.

గుబిలి మురికి కాదు. అందులో కొవ్వు ఉంటుంది కనుక నీటిని అంటనివ్వదు. కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది కనుక సూక్ష్మజీవులను పెరగనివ్వదు. పైగా చెవి కాలువ చర్మం కర్ణభేరి నుంచి బయటికి మెల్లగా జరుగుతూ, పాత గుబిలిని తనంతట తానే మోసుకొస్తుంది. మనం మాట్లాడుతూ, నములుతూ దవడ కదిలిస్తుంటే అది రాలిపోతుంది. పుల్లతోనో బడ్‌తోనో దాన్ని రోజూ తీసేవారు ఒకవైపు ఈ రక్షణ పొరను పోగొట్టుకుంటున్నారు, మరోవైపు మిగిలినదాన్ని లోపలికి కూరి గట్టి ముద్ద చేసుకుంటున్నారు. ఒకే పనితో రెండు జబ్బులకూ దారి వేసుకోవడమంటే ఇదే.

తేడా ఎలా తెలుసుకోవాలి?

మొదట కాలం చూడండి. గుబిలి ఉబ్బితే చెవి అప్పటికప్పుడే మూసుకుపోతుంది. స్నానాల గదిలోంచి బయటికి వచ్చేసరికే ఆ చెవికి వినబడదు. మన మాట మనకే కుండలో మాట్లాడినట్టు గుమ్ముమంటుంది. బరువుగా, ఇబ్బందిగా ఉంటుంది గానీ పెద్దగా నొప్పి ఉండదు. చెవి కాలువ వాపు అలా కాదు. ఈతకు వెళ్ళిన ఒకటి రెండు రోజులకు ముందుగా దురద మొదలవుతుంది. ఆ దురదకు వేలో బడ్డో పెట్టి గోకుతారు. తర్వాత నొప్పి వస్తుంది, రాత్రిపూట పెరుగుతుంది, నమిలితే నొప్పి, ఆ వైపు పడుకుంటే నొప్పి. చెవి మూసుకుపోవడం చివరకు వస్తుంది, ఎందుకంటే వాచిన చర్మమే దారి మూసేస్తుంది. పలుచని నీరు లేదా చీము కారవచ్చు, వాసన కూడా రావచ్చు.

తర్వాత చేతితో పరీక్ష. చెవి రంధ్రానికి ముందు, చెంప వైపున ఒక చిన్న బుడిపె ఉంటుంది. దాన్ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. తర్వాత చెవి డొప్పను పట్టుకుని పైకి, వెనక్కి నెమ్మదిగా లాగండి. ఈ రెండింటిలో ఏది చేసినా "అబ్బా" అని తల పక్కకు తీసేస్తే అది చాలా వరకు చెవి కాలువ వాపే. గుబిలి అయితే నొక్కినా లాగినా నొప్పి ఉండదు. ఈ పరీక్షకు డబ్బు ఖర్చు లేదు, పనిముట్టు అక్కరలేదు. చేసేటప్పుడు మంచి చెవి మీద ముందు చేసి, తర్వాత బాధపడే చెవి మీద చేయండి. పిల్లలకు తేడా చెప్పడం సులభమవుతుంది.

జలుబు, జ్వరం తర్వాత వచ్చే చెవిపోటు మూడవ రకం. అది కర్ణభేరి వెనుక, మధ్య చెవిలో వచ్చేది. అందులో డొప్ప లాగితే సాధారణంగా నొప్పి పెరగదు. పిల్లవాడు రాత్రంతా ఏడ్చి, ఉన్నట్టుండి చీము కారి నొప్పి తగ్గిందంటే కర్ణభేరికి చిల్లు పడి ఉండవచ్చు. అటువంటి చెవిలో ఇంట్లో ఏ చుక్కలూ వేయకూడదు. నీళ్ళే పోయి, వేరే ఏమీ లేకపోతే మాత్రం తల పక్కకు వంచి, డొప్పను కొంచెం లాగి పట్టుకుంటే కాసేపటికి వెచ్చగా బయటికి కారిపోతుంది. అది జబ్బే కాదు.

ఒకే ఇల్లు, రెండు చెవులు

చామరాజపేటలో ఉండే ఒక తెలుగు కుటుంబం సంగతి చెబితే ఇది బాగా అర్థమవుతుంది. ఇంటి పెద్దాయనకు డెబ్బై ఏళ్ళు, షుగర్ ఉంది. ఒక ఆదివారం తలంటు తర్వాత ఆయనకు కుడి చెవి మూసుకుపోయింది. ఇంటావిడ బాదం నూనె గోరువెచ్చగా చేసి రెండు రోజులు వేసింది. రెండో రోజుకు చెవి ఇంకా గట్టిగా మూసుకుపోయిందని భయపడి నా దగ్గరకు తీసుకొచ్చారు. బుడిపె నొక్కాను, డొప్ప లాగాను, ఆయన నవ్వుతూ కూర్చున్నారు. దీపం వేసి చూస్తే ముదురు గోధుమ రంగు ముద్ద కాలువ నిండా ఉంది. నూనె తాగి అది ఉబ్బింది, అంతే. మెత్తబడేటప్పుడు ఒకటి రెండు రోజులు వినికిడి మరింత తగ్గడం మామూలే. ఇంకో మూడు రోజులు వేయమని చెప్పి, తర్వాత చెవి డాక్టరు దగ్గర గొట్టంతో పీల్చి తీయించుకోమన్నాను. నీళ్ళు కొట్టించుకోవద్దని గట్టిగా చెప్పాను, షుగర్ ఉంది కనుక. ఆ కారణం తర్వాత చెబుతాను. ఆ ముద్ద రాగానే గడియారం టిక్కుమనే శబ్దం కూడా వినబడిందట.

నెల తిరక్కుండానే అదే ఇంట్లో పదకొండేళ్ళ మనవడు ఈత శిబిరంలో చేరాడు. పదో రోజుకు ఎడమ చెవి దురద అన్నాడు. తల్లి బడ్ తిప్పింది. మర్నాడు నొప్పి. నానమ్మకు తాతగారి చెవి బాగుపడిన సంగతి గుర్తుంది. ఈసారి ఇంకా మంచిదని రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి నూనె కాచి, వడగట్టి పోసింది. ఆ రాత్రి పిల్లవాడు నిద్రపోలేదు. మూడో రోజు ఉదయం వచ్చారు.

"హకీమ్ సాబ్, తాతకు తగ్గింది కదా, వీడికెందుకు తగ్గలేదు?" అని ఆవిడ అడిగింది.

"అమ్మా, తాతగారిది దారికి అడ్డం పడిన మట్టిముద్ద. వీడిది దారి గోడకే వచ్చిన పుండు. పుండు మీద ఎవరైనా వెల్లుల్లి రాస్తారా?" అన్నాను.

బుడిపె మీద వేలు ఆనించగానే వాడు కేకవేశాడు. కాలువ వాచి సన్నటి చీలికలా మిగిలింది. లోపల తెల్లని తడి పొర కనిపించింది. కర్ణభేరి కనబడలేదు. కనబడనప్పుడు అది చిల్లు పడిందో లేదో ఎవరూ చెప్పలేరు కనుక నేను ఏ చుక్కా వేయలేదు, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరకు పంపాను. అక్కడ లోపలి తడిని పీల్చి శుభ్రం చేశారు. చుక్కలు లోపలికి పోవడానికి కూడా దారి లేదు కాబట్టి, సన్నని వత్తి లాంటిది పెట్టి దాని మీద సూక్ష్మజీవుల మందు చుక్కలు వేశారు. రెండు రోజుల తర్వాత వాపు తగ్గి వత్తి తీశారు. నొప్పికి వాడి బరువుకు తగ్గ పారాసిటమాల్. మూడో రోజుకు నొప్పి బాగా తగ్గింది. అయినా ఏడు రోజులూ చుక్కలు మానలేదు. పది రోజులు కొలను వైపు వెళ్ళలేదు.

ఇక్కడ ఒక మాట. ఈ వాపుకు చాలా సందర్భాల్లో చెవిలో వేసే చుక్కలే అసలు మందు. మామూలు చెవి కాలువ వాపుకు నోటితో మింగే యాంటిబయాటిక్ మాత్రలు అంతగా అవసరం ఉండవు. వాపు డొప్పకు, ముఖానికి పాకినా, జ్వరం వచ్చినా, రోగికి షుగర్ ఉన్నా అప్పుడు డాక్టరు వేరే నిర్ణయం తీసుకుంటారు. కిందటిసారి మిగిలిన సీసా చుక్కలు వేసుకోవడం మంచిది కాదు. తెరిచిన సీసా నెలల తరబడి ఉంటే అదే మురికి. పైగా కొన్ని చుక్కలు చిల్లు ఉన్న చెవిలో పడితే లోపలి వినికిడి నరానికి హాని చేస్తాయి.

యునానీ ఏమంటుంది?

"హకీమ్ అయి ఉండి నూనె వద్దంటారేమిటి" అని కొందరు అడుగుతారు. యునానీలో చెవిపోటును వజ-ఉల్-ఉజ్న్ అంటారు. చెవిలో వేసే చుక్కల మందుకు కతూర్ అని పేరు. ఇబ్న్ సీనా రాసిన అల్ ఖానూన్ మూడవ భాగంలో తల నుంచి పాదం దాకా ఒక్కో అవయవం రోగాలు వరసగా ఉంటాయి, అందులో చెవికి విడిగా చోటు ఉంది. కానీ మన వైద్యంలో మొదటి పాఠమే కారణం చూసి మందు ఇవ్వడం. ఎండిన గట్టి పదార్థాన్ని తడిపి మెత్తన చేయడానికి నూనె. తడి ఎక్కువై నానిపోయిన చోట కావలసింది ఆరబెట్టడం. అక్కడ మళ్ళీ తడి పోస్తే ఏ హకీమూ ఒప్పుకోడు. పైగా నూనె పట్టిన తడి చెవిలో బూజు కూడా పెరుగుతుంది. తడిసిన కాగితం ముక్కల్లా తెల్లటి పొర, దాని మీద నల్లని చుక్కలు, విపరీతమైన దురద ఉంటే అది బూజే. దానికి సూక్ష్మజీవుల చుక్కలు వేస్తే తగ్గదు సరికదా పెరుగుతుంది. మందు వేరు.

చెవి వాచినప్పుడు యునానీ నుంచి మీరు ఇంట్లో నిర్భయంగా తీసుకోదగినది తక్మీద్, అంటే కాపడం. శుభ్రమైన గుడ్డను పెనం మీద వెచ్చచేసి, ముందు మీ మణికట్టు మీద పెట్టి చూసుకుని, చెవి బయట పది నిమిషాలు ఆనించండి. తడి గుడ్డ వద్దు, పొడిగుడ్డే. ఇది నొప్పికి కొంత ఉపశమనం మాత్రమే, జబ్బును తగ్గించదు. నొప్పి మొదలైన మర్నాటికి కూడా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఇక గుబిలి అని రూఢి అయితే, అంటే నొక్కితే నొప్పి లేదు, చెవి కారడం లేదు, చిన్నప్పుడు చెవి కారిన చరిత్ర లేదు, చెవికి ఆపరేషన్ జరగలేదు, అప్పుడు బాదం నూనె అంటే రోగన్ బాదం, లేదా ఆలివ్ నూనె వాడవచ్చు. బాదం పప్పు పడనివారు బాదం నూనె జోలికి పోవద్దు. నూనెను పొయ్యి మీద పెట్టకండి. చిన్న సీసాను గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో ఐదు నిమిషాలు ఉంచి, ఒక చుక్క చేతి వెనుక వేసుకుని చూడండి. వేడిగానూ చల్లగానూ అనిపించకూడదు. చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా కళ్ళు తిరుగుతాయి. పక్కకు పడుకుని రెండు మూడు చుక్కలు వేసి, ఐదు నిమిషాలు అలాగే ఉండి లేవండి. పూటకొకసారి చొప్పున రోజుకు రెండుసార్లు, మూడు నుంచి ఐదు రోజులు. మందుల షాపులో దొరికే గుబిలి మెత్తబరిచే చుక్కలు కూడా ఇదే పని చేస్తాయి. చాలామందికి అది తనంతట తానే బయటికి వస్తుంది. రాకపోతే తీయించుకోవాలి గానీ తీసుకోకూడదు. వేసేటప్పుడు మంట గానీ నొప్పి గానీ వచ్చిందంటే అక్కడితో ఆపేయండి, మన లెక్క తప్పిందన్నమాట. చంటిపిల్లలకు మాత్రం ఇంట్లో ఏ చుక్కలూ వద్దు.

చెవిలోకి పోకూడనివి

ఇన్నేళ్ళలో జనం చెవిలో ఏమేమి పెట్టుకుంటారో చూశాను. పిన్నీసు, జడపిన్ను, అగ్గిపుల్ల, చీపురుపుల్ల, స్కూటరు తాళంచెవి, పెన్ను మూత, కోడి ఈక. అగ్గిపుల్ల తల విరిగి లోపలే ఉండిపోతుంది. తాళంచెవి చర్మాన్ని గీస్తుంది. గీత పడిన చోట తడి తగిలితే రెండు రోజుల్లో వాపు. ఇయర్ బడ్ మెత్తగా ఉంటుంది కదా అంటారు. దాని దూది తల కాలువంత లావు ఉంటుంది, అందుకే అది తీసేదానికన్నా తోసేది ఎక్కువ. స్నానం తర్వాత తడి తుడవాలంటే తువ్వాలు కొసను చూపుడు వేలికి చుట్టి, వేలు ఎంత దూరం పోతే అంతవరకే తుడవండి.

మార్కెట్ల దగ్గర, బస్టాండ్ల దగ్గర చిన్న పెట్టె పట్టుకుని చెవి శుభ్రం చేసేవారు ఉంటారు. ఒకే చెంచా పుల్ల పది మంది చెవుల్లో తిరుగుతుంది. వాళ్ళకు లోపల కర్ణభేరి కనబడదు. ఆ పనికి తల అప్పగించకండి. చెవిలో కొవ్వొత్తి వెలిగించి గుబిలి లాగుతామనే పద్ధతి ఒకటి వచ్చింది. అది ఏమీ లాగదు, కరిగిన మైనం లోపల పడి కాలుతుంది. ఆకు పసరు, చనుబాలు, మరిగిన నూనె, వెల్లుల్లి రసం, ఇవేవీ చెవికి కావు. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురుగు వస్తే మురికి పోతోందని సంతోషిస్తారు. వాచిన చెవిలో అది మంట పెడుతుంది, తడిని కూడా మిగులుస్తుంది.

ఇక షుగర్ ఉన్న పెద్దవారి సంగతి. వీరి చెవిలో కుళాయి నీళ్ళు గట్టిగా కొట్టి గుబిలి తీస్తే, చర్మం గీరుకుని, అందులో తడి నిలిచి, సూక్ష్మజీవులు ఎముక దాకా పోయే ప్రమాదం ఉంది. మామూలు వాపులా మొదలవుతుంది. అయితే చుక్కలు వేసినా వారం దాటినా తగ్గదు. నొప్పి రాత్రి నిద్ర పట్టనివ్వదు, దవడ కీలుకు పాకుతుంది. కొందరికి ఆ వైపు మూతి వంకర పోతుంది, కన్ను సరిగా మూతపడదు. ఇది ఆసుపత్రిలో చేర్చి చేయవలసిన వైద్యం, వారాల తరబడి మందులు వాడాలి. షుగర్ ఉండి చెవి నొప్పి అంటే ఇంట్లో ఒక్క రోజు కూడా ప్రయోగాలు చేయకండి.

ఇంకొకటి, చాలామంది గుబిలి అని వదిలేసేది. నీళ్ళతో సంబంధం లేకుండా ఉన్నట్టుండి ఒక చెవి వినబడటం మానేస్తే, నోరు మూసుకుని "ఊఁ" అని రాగం తీయండి. మూసుకున్న చెవిలోనే అది గట్టిగా వినబడితే దారిలో ఏదో అడ్డం ఉందన్నమాట. మంచి చెవి వైపే గట్టిగా వినబడితే అది నరానికి సంబంధించినది కావచ్చు. రెండు మూడు రోజుల్లో డాక్టరు దగ్గరకు వెళితేనే మందుకు ఫలితం ఉండే అవకాశం ఎక్కువ. నూనె వేస్తూ కూర్చుంటే ఆ రోజులు దాటిపోతాయి.

చెవి బాగుపడుతున్నప్పుడు స్నానానికి దూది ముద్దకు కొంచెం వాజ్‌లీన్ రాసి, బయటి రంధ్రం మీద మాత్రం ఆనించి పెట్టుకోండి. స్నానం కాగానే తీసేయాలి. పొడి దూదిని లోపల కుక్కుకుని పడుకుంటే తడి లోపలే మిగులుతుంది. చుక్కలు వేసిన తర్వాత మూడు నుంచి ఐదు నిమిషాలు పక్కకు పడుకుని, బుడిపెను నాలుగైదు సార్లు మెల్లగా నొక్కితే మందు లోపలికి దిగుతుంది. మళ్ళీ కొలనుకు వెళ్ళే పిల్లలకు, బయటికి రాగానే తల ఒక్కో వైపు వంచి నీళ్ళు కారనిచ్చి, హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో ఒక అడుగు దూరం నుంచి అర నిమిషం పట్టించండి. చెవికి చిల్లు ఉన్నవారు ఈత విషయం డాక్టరును అడగకుండా నీళ్ళలోకి దిగవద్దు.